నాయనకు చదివి వినిపించిన జవాబు పత్రం

ఎస్సెస్సెల్సీలో మొదటిసారి నేను తెలుగులో తప్పినాను. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో కాదు, తెలుగులో! ముప్పై ఐదు రావాల్సినచోట ముప్పై ఒకటి. సిగ్గుతో రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆకలేసి తిన్నాను, అది వేరే సంగతి.

ఉరవకొండ దగ్గర మా ఊరు. నాయన కూలికి పోయేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆయన నన్ను తిట్టలేదు. "సెప్టెంబరులో మళ్ళీ రాయి మా. అప్పుడూ పోతే, నాతోపాటు కూలికి రావల్ల. నేనేం జేసేది?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం వైపు చూడలేదు. పాసైతే టీచర్ ట్రైనింగు, లేకపోతే కలుపుతీత. ఇద్దరికీ తెలిసిన లెక్క.

మా తెలుగు అయ్యవారు బడిలో రాసిన నా పాత పరీక్ష కాగితాలు తెప్పించుకొని చూశాడు. కాగితాల నిండా ఎర్రసిరా. వత్తులు పోయాయి, దీర్ఘాలు పోయాయి. ప్రశ్నలకు ప్రశ్నార్థకం లేదు, ఎవరు మాట్లాడినా కొటేషన్లు లేవు. ఒక కథలో నా రాజు మంత్రిని 'యాడికి పోతాండావు' అని అడిగాడు. పక్కన అయ్యవారు 'రాజుగారిది ఉరవకొండా?' అని రాశాడు.

"నీకు జవాబులు వస్తాయమ్మా. తప్పుకు అర మార్కు చొప్పున పోగొట్టుకుంటున్నావు" అన్నాడు. "చివరి అయిదు నిమిషాలు కొత్త వాక్యం ఒక్కటి కూడా రాయొద్దు. ముందు ప్రశ్నల నంబర్లు సరిచూడు. తర్వాత చివరి జవాబు నుంచి మొదటి జవాబు వైపు రా. చెయ్యి అలసిపోయి రాసిన పేజీల్లోనే తప్పులు ఎక్కువ. ఒకసారి వత్తులూ దీర్ఘాలూ. ఇంకోసారి చుక్కలూ ప్రశ్నార్థకాలూ కొటేషన్లూ. తప్పును ఒక్క గీతతో కొట్టి పైన రాయి. అనుమానముంటే ముట్టుకోవద్దు."

వత్తులు పట్టుకోవడం వారంలో వచ్చింది. చుక్కలే నాకు కనబడేవి కావు. నేను రాసింది నాకు తెలుసు కాబట్టి, లేనిచోట కూడా ఉన్నట్టే చదివేదాన్ని. అయ్యవారు విసుక్కొని, "ఎవరికైనా చదివి వినిపించు. చుక్క ఉన్నచోటే ఆగు. లేకుంటే ఆగొద్దు" అన్నాడు.

ఇంట్లో ఉన్నది నాయనే. ఆయనకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద కూర్చొనేవాడు. నేను గబగబా చదివేదాన్ని.

"నిలుపు మా! ఇప్పుడు మాట్లాడతాండేది రాజా, మంత్రా?"

"మంత్రి, నాయనా."

"నాకెట్ల తెలుస్తాది? ఊపిరన్నా తీసుకో తల్లీ, సచ్చిపోతావు!"

ఆయన ఆపినచోటల్లా చూస్తే, చుక్కో కొటేషనో లేకుండా ఉండేది. నాకు ఒళ్ళు మండేది. చదువురాని మనిషి నా తప్పులు పట్టడమా! పోట్లాడేదాన్ని కూడా. ఎండకు మాడి వచ్చిన మనిషి కునుకుపాట్లు పడుతూనే, "ఇంకొకటి సదువు" అనేవాడు.

పరీక్ష రోజు అయిదు నిమిషాల గంట కొట్టారు. చివరి జవాబు సగంలో ఉంది. ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే ఒకటో రెండో మార్కులు వస్తాయి. చెయ్యి ఆగనంటుంది. ఆ సగం వాక్యాన్ని ముగించి, చుక్క పెట్టి, వెనక నుంచి మొదలుపెట్టాను. నంబర్లు సరిగానే ఉన్నాయి. వత్తులు అయిదారు దొరికాయి. తర్వాత చుక్కల కోసం, అరుగు మీద నాయన ఉన్నట్టే అనుకొని పెదాలు కదిలించసాగాను.

"ఎవరితో మాట్లాడతాండావమ్మా?" సూపర్‌వైజరు నా నెత్తిమీదే ఉన్నాడు.

"మా నాయనకు చదివి వినిపిస్తాండా సార్" అనేశాను.

పాపం ఆయన కిటికీ దగ్గరకు పోయి, బయట ఎవరైనా దాక్కున్నారేమో అని తొంగి చూశాడు! ఎవరూ లేరు. నా కళ్ళలో నీళ్ళు చూశాడేమో, "నోరు మూసుకొని వినిపించు" అని వెళ్ళిపోయాడు.

కథ రాసిన పేజీ నిండా రాజూ మంత్రీ కొటేషన్లు లేకుండా కలిసిపోయారు. విడదీశాను. ఆఖరి చుక్క పెడుతుండగా కాగితం లాక్కున్నారు.

ఫలితాలు వచ్చిన రోజు అయ్యవారు మార్కులు చూపించాడు. తెలుగు ముప్పై ఆరు. పరుగున చేనుకు పోయాను. నాయన వంగి వేరుశెనగ చెట్లు పీకుతున్నాడు.

"పాసైనా నాయనా!"

ఆయన లేవలేదు. వంగినవాడు వంగినట్టే మట్టిలో కూర్చొని, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. పక్కన కూర్చొని నేనూ ఏడ్చాను. కాసేపటికి అలవాటుగా ఒక చెట్టు పట్టుకొని పీకబోయాను. నాయన నా చెయ్యి పట్టుకొని, నెమ్మదిగా ఆ చెట్టు విడిపించాడు.

"నువ్వు ముట్టుకోవద్దు మా" అన్నాడు.