నాలుగు రోజులు తక్కువ

ఖిలా వరంగల్‌లో ఆశా కార్యకర్తగా నా చివరి ఏడాది అది. నా కింద ఉన్న ఇళ్లలో ఎవరి బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వేయాలో నోట్‌బుక్ చూడకుండానే చెప్పేదాన్ని. అంగన్‌వాడీలో నెలకొక బుధవారం టీకాలు వేసేవారు. వేయడం సిస్టర్ పని. పిల్లల్ని పిలుచుకురావడం, కార్డులు చూసి వరుస పెట్టడం నా పని.

ఆ నెల ఒక తల్లి తట్టు టీకా కోసం తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆమె ఇళ్లలో పని చేసుకునేది. కార్డు మీద పుట్టిన తేదీ చూశాను. తొమ్మిది నెలలు నిండడానికి నాలుగు రోజులు తక్కువ.

"ఇయ్యాల కాదమ్మా, వచ్చే నెల రా."

"నాలుగు దినాలకేమైతది? పని ఇడిసిపెట్టి వచ్చిన."

"నిండకముందు వెయ్యరు. లెక్క లెక్కే."

ఆమె పిల్లను చంకనేసుకుని పోయింది.

మరుసటి నెల వాళ్లింటికి తాళం. భర్త వేరే ఊళ్లో మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఆమె మిరపకాయలు ఏరడానికి మరిపెడ దగ్గర తల్లిగారింటికి పోయిందని పక్కింటామె చెప్పింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఆ వారంలోనే వెనక గల్లీలో ఒక పిల్లవాడికి జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. తట్టు కావచ్చని దవాఖానలో రక్తం తీసి పరీక్షకు పంపారు.

నెలాఖరు రిపోర్టులో ఎంతమందికి వేయాలి, ఎంతమందికి వేశాం, మిగిలినవాళ్లకు ఎందుకు వేయలేదు అని రాయాలి. ఆ నెల నా జాబితాలో తట్టు టీకా అందనిది ఆ ఒక్క పిల్లకే.

సిస్టర్ నా భుజం మీదుగా చూసి, "వలస పోయిండ్రని రాయరాదక్కా. పేరు తీసేస్తే నీది పూరా అయితది" అంది.

అబద్ధం కాదు, వాళ్లు వెళ్లిన మాట నిజమే. కానీ పేరు తీసేస్తే ఆ పిల్ల నా జాబితాలో ఉండదు. అక్కడి జాబితాలో ఉందో లేదో నాకు తెలియదు. ఎవరూ వెతకని పిల్ల అయిపోతుంది. నేను "వేయలేదు" అని రాసి, కారణం దగ్గర "నాలుగు రోజులు తక్కువని నేనే తిప్పి పంపాను" అని రాశాను.

మీటింగ్‌లో డాక్టరమ్మ అది రెండుసార్లు చదివింది. నా చిన్న కూతురి వయసు ఆమెది.

"నిండకముందు వెయ్యకపోవుడు కరెక్టే. మరి నెల దినాలు ఎందుకు ఆగమన్నరు? ఇక్కడ దవాఖానల ప్రతి బుధవారం, శనివారం వేస్తనే ఉంటం గదా. వారానికే రమ్మంటే అయిపోతుండె."

అసలు కారణం చెప్పుకోదగింది కాదు. దవాఖానకు పంపితే నా అంగన్‌వాడీ షీటులో ఆ టీకా పడదు. నా షీటు నిండాలని అందర్నీ నా బుధవారానికే రమ్మనడం నాకు అలవాటైపోయింది. నా లెక్క ఎన్నడూ తప్పలేదని ఎంతమందితో చెప్పుకున్నానో.

ఆమె అక్కడికక్కడే మరిపెడ వైపు డాక్టరుకు ఫోను చేసింది. వాళ్ల జాబితాలో ఆ పిల్ల లేదు.

"ఊరి పేరు తెలుసా ఆశమ్మా?"

"తెలుసు మేడం. నేనే పోతా."

ఆ బుధవారం పొద్దున బస్సెక్కాను. దారంతా ఆ పిల్ల ఒంటి మీద దద్దుర్లే కళ్లముందు కదిలాయి.

ఇల్లు దొరికింది. తల్లి గడపలో కూర్చుని పిల్లకు అన్నం పెడుతోంది. పిల్ల నుదురు ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. వీపు చూశాను. ఏమీ లేదు. అప్పుడు కూర్చున్నాను.

"ఏందక్కా, ఇంతదూరం? నెల దాటిపోయిందని కొట్టనీకి వచ్చినవా?"

"టీకా ఏపియ్యనీకి. ఈడి సబ్‌సెంటర్ల ఇయ్యాల వేస్తరట. ఫోన్ జేసి చెప్పిన."

"ఇంకో దినం కూలి పోగొట్టుకోవాల్నా? అప్పుడు పిల్లనెత్తుకుని వస్తె, నువ్వే పో అన్నవు."

"అన్న. నాదే తప్పు. వారం తర్వాత దవాఖానకు పొమ్మనాలె. చెప్పలే."

ఆమె చేయి కడుక్కుని, కార్డు వెతికి తెచ్చి, పిల్లను నా ఒళ్లో పెట్టి చీర సవరించుకుంది. సబ్‌సెంటర్‌లో సూది పడగానే పిల్ల నా కొంగు పట్టుకుని ఏడ్చింది. అక్కడి సిస్టర్ కార్డులో తేదీ వేసింది.

తిరిగి వస్తుంటే ఆమె అడిగింది. "మళ్ల ఎప్పుడు?"

"పదహారు నెలలు నిండినంక. ఏ దవాఖానలనైనా వేస్తరు. నా కోసం చూడకు."

"తారీకు చెప్పు. గోడ మీద రాసుకుంట."

చెప్పాను. ఆమె నోట్లో అనుకుంటూ, నా మాట నమ్మక వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చూసుకుంది.