గంటకొక్క మాట

లోన్ యాప్ లింకుల బాధ ఎక్కువైందని మా పట్టు రైతుల టెలిగ్రామ్ గ్రూపులో అడ్మిన్ స్లో మోడ్ పెట్టాడు. ఒక్కొక్కరికి గంటకొక్క మెసేజే. ఫొటోలు, లింకులు బంద్. ఆ అడ్మినే నాకు అమ్మిన పట్టుపురుగులు లక్కూరులోని నా షెడ్డులో సున్నపుకట్టు రోగంతో చచ్చాయి. ఆ మాటే గ్రూపులో రాశాను.

అడ్మిన్‌కు ఆ ఆంక్ష ఉండదు. వెంటనే జవాబిచ్చాడు: "షెడ్డు కడగకుండా నన్నంటే ఎట్లమ్మా?"

పెద్ద గ్రూపు. తలా ఒక మాట అన్నారు. "మొగుడు లేని ఇల్లు గదా, అట్లే ఉంటాది," అన్నాడొకడు. చచ్చిన పురుగుల ఫొటో పోలేదు. పంపే బటన్ ఉండాల్సిన చోట టైమర్ తిరుగుతోంది.

గంటయ్యాక పంపాను: "బ్లీచింగ్ వేసి కడిగినాను. వచ్చి చూడండప్పా."

"ఇంగ చాలమ్మా," అని రాసి, అడ్మిన్ నన్ను గ్రూపులోంచి తీసేశాడు.