మెమన్ గారి హైదరాబాద్

రాహేలు ముప్పయ్యారో ఏట మాదాపూర్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, ఇంటర్వ్యూ చేసిన కుర్రాడు ఆమెను ఎవరి తల్లో అనుకుని కుర్చీ వేసి, "మీ అమ్మాయి లోపలికి వెళ్ళిందాండీ?" అని అడిగాడు. "మా అమ్మాయి ఆరో తరగతి బాబూ, పరీక్షకి వచ్చింది నేనే" అంది రాహేలు. చీరాలలో పదకొండేళ్ళు టైపు నేర్పిన మనిషి. కంప్యూటర్లు వచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, భర్త సాల్మన్‌కి ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని దొరికితే, ప్రగతి నగర్‌కి కాపురం మార్చారు. ఆ రోజు ఆమె కీబోర్డు మీద చూడకుండా కొట్టిన వేగానికి కుర్రాడు నోరు తెరిచి, తర్వాత ఉద్యోగం ఇచ్చాడు.

పని ఉత్తరాలకు జవాబులివ్వడం. ఇంగ్లండులో ఒక అకౌంటింగ్ సంస్థ ఉంది. దాని పరీక్షలు ప్రపంచమంతటా జూన్, డిసెంబరు నెలల్లో జరుగుతాయి. అభ్యర్థులు పంపే ఈమెయిళ్ళు చదివి జవాబు చెప్పే పనిని ఆ సంస్థ మాదాపూర్‌లోని ఈ కంపెనీకి అప్పగించింది. గల్ఫ్, ఆసియా దేశాల నుంచి వచ్చేవి రాహేలు జట్టు చూసేది. అభ్యర్థి వివరాల్లో ఒకరు మార్పు చేస్తే, ఇంకొకరు తనిఖీ చేసి ఆమోదించాలి. ఎనిమిదేళ్ళలో ఆ తనిఖీ కుర్చీ రాహేలుదయింది. ఉత్తరం చివరి అక్షరం దాకా చదువుతుందని పేరు.

2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, బడులు మూతపడ్డాయి. ఆఫీసుకు మాత్రం కంపెనీ వాహనాలు తిరిగిన రోజు తిరిగేవి, లేని రోజు లేవు. రాహేలు పక్క సీటు మహేందర్‌ది. జనగామ వైపు కుర్రాడు, నిజాంపేటలో గది కిరాయికి తీసుకుని ఉంటాడు. మెడలో కంపెనీ కార్డు పక్కనే గులాబీ రంగు రుమాలు. వాళ్ళిద్దరికీ రోజూ ఒకటే తగువు, హైదరాబాద్ ఎవరిదని. తగువయ్యాక ఒకే డబ్బాలో అన్నం తినేవారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం దోహా నుంచి ఒక మెయిల్ వచ్చింది. పంపినవాడు జుల్ఫికర్ మెమన్. 'నేను దోహాలో పనిచేస్తున్నాను. డిసెంబరు పరీక్షకు దోహా కేంద్రం ఎంచుకున్నాను. మా కంపెనీ నన్ను నవంబరు మొదటి తారీఖు నుంచి హైదరాబాద్‌కి బదిలీ చేసింది. దయచేసి నా కేంద్రాన్ని హైదరాబాద్‌కి మార్చండి. కంపెనీ ఇచ్చిన లేఖ జతచేశాను' అని రాశాడు.

పరీక్షకు దరఖాస్తు గడువు ముగిశాక అభ్యర్థి తనంతట తాను కేంద్రం మార్చుకోలేడు. బదిలీ లాంటి గట్టి కారణం ఉంటే, రుజువుతో మెయిల్ పంపాలి. కొత్త కేంద్రంలో సీటు ఖాళీ ఉండాలి. అది కూడా ఒక తేదీ దాకానే. ఏ కేంద్రానికి ఎన్ని ప్రశ్నపత్రాలు పంపాలో లెక్క తేలిపోయాక ఇక ఎవరు చెప్పినా మార్చరు. ఆ ఆఖరు తేదీ మర్నాడే. ఇంగ్లండులో మధ్యాహ్నం పన్నెండు గంటలు, మనకు సాయంత్రం నాలుగున్నర.

"అక్కా, సూడు. దోహాల ఉన్నోడు గూడ మన హైదరాబాద్‌కే వస్తుండు" అన్నాడు మహేందర్ హుషారుగా. "పాతబస్తీ పిలగాడే అయ్యుంటడు."

"మన హైదరాబాదంటే ఎవరిదయ్యా?" అంది రాహేలు, చేతిలో పని ఆపకుండానే.

"మాది. మీరున్నన్ని దినాలు మీది గూడ."

"ఉన్నన్ని దినాలేంటి? పదేళ్ళ నించి ఇక్కడే కదా పన్నులు కడుతున్నాం!"

"కట్టుండ్రి. వద్దన్నరా ఎవరన్న?"

అలా మొదలైన మాట అన్నం దాకా సాగింది. ఆ మధ్యలోనే మహేందర్ కేంద్రాల జాబితాలో హైదరాబాద్ ఎంచుకుని మార్పు చేశాడు. రాహేలు రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టినతేదీ సరిచూసింది. లేఖ మొదటి పేజీలో 'మా హైదరాబాద్ కార్యాలయానికి బదిలీ' అన్న వాక్యం చూసింది. సీటు ఖాళీ ఉంది. "పన్నులు కట్టేవాళ్ళకి ఊరిమీద హక్కుండదా?" అంటూనే ఆమోదం మీట నొక్కేసింది. లేఖకు ఇంకో రెండు పేజీలున్నాయి. అవి తెరవలేదు. కొత్త హాల్‌టికెట్ దోహాకి వెళ్ళిపోయింది.

మర్నాడు బంద్. కంపెనీ అందరినీ ఇళ్ళ దగ్గరే ఉండమంది. ఎలాగూ రాలేనని జట్టు పెద్ద కిరణ్ పాల్ మాత్రం ముందురోజే ఆఫీసు గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయాడు. పదకొండు గంటలకు అతని నుంచి రాహేలుకి ఫోన్ వచ్చింది.

"రాహేలు గారూ, కూర్చుని వినండి. మెమన్ అనే అతను జవాబు రాశాడండీ. చదువుతాను." గొంతు సవరించుకున్నాడు. "'అయ్యా, నా కేంద్రం మార్చినందుకు కృతజ్ఞతలు. హాల్‌టికెట్ మీద కూకట్‌పల్లి అని చిరునామా ఉంది. మా ఊళ్ళో ఆ పేట ఎక్కడుందో మా అమ్మకు కూడా తెలియదట. నాది పాకిస్తాన్, సింధు రాష్ట్రంలోని హైదరాబాద్. మీ ఊరు చూడాలని నాకూ ఉంది. కానీ వీసా వచ్చేలోపు పరీక్షే కాదు, ఫలితాలు కూడా వచ్చేస్తాయి.'"

రాహేలు నిజంగానే కూర్చుంది.

"ఇంకో హైదరాబాద్ ఉందాండీ?"

"జాబితాలో రెండున్నాయండీ, ఒకదాని కింద ఒకటి. కోడ్ అంకెలే తేడా. మనవాడు పైది నొక్కాడు."

"నేను చూశానుగా. నేనూ నొక్కాను" అంది రాహేలు నెమ్మదిగా.

ఆమోదించిన మార్పును తిరగదోడాలంటే చేసినవాళ్ళూ, తనిఖీ చేసినవాళ్ళూ తమ లాగిన్లతోనే తెరవాలి. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి ఇస్తే ఉద్యోగం పోతుంది. ఇంటి నుంచి తెరవడం కుదరదు. "నేను అడక్కూడదు, మీరు చెప్పకూడదు. నాలుగున్నర లోపు రాగలరా?" అన్నాడు కిరణ్ పాల్.

సాల్మన్ కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూసి, "ఒకడి పరీక్ష కోసం ఈ బంద్‌లో పన్నెండు కిలోమీటర్లా?" అన్నాడు.

"వాడు మూడు పేజీలు పంపాడండీ. నేను ఒకటే చదివాను" అంది రాహేలు, చెప్పులు వేసుకుంటూ.

కిరణ్ పాల్ ఫోన్ అందుకుని పావుగంటలో మహేందర్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "అక్కా, నా నౌకరి పోతదా?" అన్నాడు. "ముందు బండి పోనీ" అంది ఆమె వెనక కూర్చుంటూ.

నిజాంపేట చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, చుట్టూ పాటలు. బండి ఆగక తప్పలేదు. మహేందర్ రుమాలు ఎత్తి "జై తెలంగాణ" అని అరిచాడు. వాళ్ళూ అరిచారు గానీ దారి ఇవ్వలేదు. గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ ముందుకు వచ్చింది. ఆమెను అందరూ పోచమ్మ అని పిలుస్తున్నారు.

"బంద్ దినం ఆఫీసుకు పోతున్నరా బిడ్డా? సిగ్గనిపిస్తలేదా?"

మహేందర్ వెనక్కి వంగాడు. దవాఖానకని చెప్పమని రాహేలు చెవిలో గొణిగాడు. ఆమె బండి దిగింది.

"అబద్ధం చెప్పనమ్మా, ఆఫీసుకే. ఒకబ్బాయి పరీక్ష మా తప్పువల్ల ఆగిపోయేట్టుంది. ఇంకో హైదరాబాద్‌లో రాయాల్సినవాణ్ణి ఈ హైదరాబాద్‌కి వేసేశాం."

"ఇంకో హైదరాబాదా? యాడున్నది?"

"పాకిస్తాన్‌లో. ఆ అబ్బాయిది అదే."

పోచమ్మ గరిటె నడుముకు ఆనించింది. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా, "విన్నరే! ఇంకో హైదరాబాద్ గూడ ఉన్నదంట! ఒక్కదానితోనే మనకింత పరేషాన్!" అంది. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎవరో, "గది ఎవ్వరికీ ఇయ్యకుండ్రి, మనకే కావాలె" అన్నారు.

"పరీక్షంటే పిల్లగాని బతుకు. పోండ్రి. గని తినిపోవాలె, ఉట్టిగ పంపం" అంది పోచమ్మ. విస్తరాకులో వేడి అన్నం, పప్పు పెట్టింది. రాహేలు నిలబడే తిన్నది. వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ, "ఉప్పు సరిపోయిందా అక్కా?" అని అడిగిన ఒక పిల్లకు సరిపోయిందని తలూపింది. మహేందర్ గడియారం చూసుకుంటూ రెండు ముద్దలు మింగాడు. వాళ్ళే గిన్నెలు జరిపి బండికి దారి చేశారు.

ఇంకా రెండు చోట్ల గంటేసి సేపు ఆగి, సందుల్లో తిరిగి, ఆఫీసు చేరేసరికి రెండూ నలభై. రాహేలు ముందు లేఖలో మిగతా రెండు పేజీలు తెరిచింది. మూడో పేజీలో కొత్త కార్యాలయం చిరునామా, ఫోన్ నంబరు ఉన్నాయి. నంబరు తొంభై రెండుతో మొదలైంది. మనది తొంభై ఒకటి. టైపు నేర్పేటప్పుడు ఒక్క అంకె తప్పితే పేజీ అంతా మళ్ళీ కొట్టించేది తను. ఎంతమంది పిల్లలు ఏడ్చారో!

ఇద్దరూ పాత మార్పును తెరిచారు. కానీ కొత్త హాల్‌టికెట్ ఒకసారి వెళ్ళాక రెండోసారి మార్చాలంటే ఇంగ్లండులో పరీక్షల విభాగం ఒప్పుకోవాలి, ఏం జరిగిందో రాసివ్వాలి. మహేందర్ కీబోర్డు ముందు కూర్చుని, "ఏమని రాయాలె? అభ్యర్థి దేశం పేరు రాయలే అందామా?" అన్నాడు.

"మూడో పేజీలో రాశాడుగా."

రాహేలు కీబోర్డు తన వైపు లాక్కుంది. 'అభ్యర్థి అన్ని వివరాలూ పంపారు. జాబితాలో ఒకే పేరున్న రెండు కేంద్రాల్లో ఒకటి పొరపాటున ఎంచబడింది. తనిఖీ చేసిన నేను లేఖ పూర్తిగా చదవకుండా ఆమోదించాను' అని కొట్టి తన పేరు పెట్టింది. మహేందర్ పేరు కూడా ఉండాలి కదా అన్నాడు కిరణ్ పాల్. "ఎవరు ఎంచారో సిస్టమ్‌లో ఉందండీ. నా తప్పు మాత్రం నేను రాస్తేనే తెలుస్తుంది" అంది.

తర్వాత ఫోన్. అటువైపు పరీక్షల విభాగం ఆవిడ అంతా విని, "నేను పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, హైదరాబాద్ ఒకటే అనుకున్నాను" అంది. సింధు కేంద్రంలో అరవై సీట్లు, యాభై ఎనిమిది నిండాయి. అభ్యర్థి రాస్తున్న మూడు పేపర్లూ అక్కడ ఉన్నాయో లేదో చూసింది. ఉన్నాయి. నాలుగూ పదికి ఆమోదం వచ్చింది. మహేందర్ కోడ్ ఎంచాడు. ఈసారి అంకెలు పైకి చదివాడు. రాహేలు వేలితో తెర మీద ఒక్కొక్కటీ చూసుకుంటూ మీట నొక్కింది.

మహేందర్ కుర్చీలో వెనక్కి వాలి, "అక్కా, మనిద్దరం కొట్లాడుకుంట ఉంటే మూడోడు ఒకడు మధ్యల వచ్చిండు" అన్నాడు. రాహేలుకి అప్పుడు వచ్చింది నవ్వు, ఆగకుండా.

తప్పు మాత్రం తప్పే అయింది. ఇద్దరి పేరునా ఒక్కో లిఖిత హెచ్చరిక వచ్చింది. ఆ నెల ఉత్తమ తనిఖీదారు బహుమతి పక్క జట్టుకు పోయింది. రాహేలు కాగితం మడిచి సొరుగులో పెట్టి, కిరణ్ పాల్‌కు ఒక సూచన రాసింది, జాబితాలో ఊరి పేరు కంటే ముందు దేశం పేరు రావాలని. నెలన్నరలో అలాగే మార్చారు. అప్పుడే బయటపడింది, జార్జ్‌టౌన్ పేరుతో మూడు దేశాల్లో మూడు ఊళ్ళున్నాయని.

ఫలితాలు వచ్చాక మెమన్ మళ్ళీ రాశాడు. మూడింట్లో రెండు పాసయ్యాడు. పోయింది పన్నుల పేపరు. 'జూన్‌లో అదే రాస్తాను. కంపెనీ నన్ను మళ్ళీ బదిలీ చేసేట్టుంది. ఈసారి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను, నేనే రైలెక్కి వచ్చి ఇక్కడే రాస్తాను.'

"పన్నుల పేపరే పోయిందట పాపం" అంది రాహేలు.

"నువ్వు పదేళ్ళ నించి కడుతున్నవ్ గద అక్కా, జర చెప్పరాదు" అన్నాడు మహేందర్.

ఆమె అతని డబ్బాలోంచి ఆవకాయ ముక్క తీసుకుని, జవాబు కొట్టడం మొదలుపెట్టింది.