టీచరమ్మ బొమ్మకు నా కాళ్ళు

నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతే. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. ఆ రోజు నేను చేసింది మంచిదో చెడ్డదో ఇప్పటికీ తెలియదు. చెప్తే అయినా తెలుస్తుందేమోనని చెప్తున్నాను.

మా ఆయన పోయాక నన్ను నిలబెట్టింది కుట్టుమిషను. మెదక్‌లో కూచిపూడి నేర్పే టీచరమ్మకు, ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలకు డ్యాన్సు బట్టలు కుట్టేదాన్ని. మామూలు జాకెట్టులా కాదు అది. పట్టుచీర కోసి కింద పైజామా, ముందు రెండు కాళ్ళ నడుమ విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు కుట్టాలి. నిలబెట్టి కొలత తీస్తే పనికిరాదు. మోకాళ్ళు రెండు పక్కలకు వంచి సగం కూర్చోవాలి. దాన్ని అరమండి అంటారు. అప్పుడు కుచ్చిళ్ళు ఎంత విచ్చుకుంటాయో చూసి సుద్దతో గీత పెట్టాలి. అందుకే నాకు వాళ్ళ ముఖాల కంటే కాళ్ళే ఎక్కువ తెలుసు.

టీచరమ్మ పిల్లల ముందు కర్రతో నేలను కొట్టి, కిందికి, ఇంకా కిందికి అనేది. తాను మాత్రం అంత కిందికి ఎప్పుడూ కూర్చోలేదు. చిన్నప్పుడే కుడి మోకాలికి దెబ్బ తగిలిందట. ఆమె కూర్చునేది సగంలో సగం. మొదటిసారి కొలత తీసినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ రోజు నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. కుచ్చిళ్ళలో రెండు మడతలు తగ్గించి కుట్టాను. బట్ట తక్కువైతే కొంచెం కూర్చున్నా నిండుగా విచ్చుకున్నట్టే ఉంటుంది. చూసినవాళ్ళకు ఎవరికీ తేడా తెలియలేదు. అట్లా ఎన్నో జతలు కుట్టాను.

మొన్న ఆమెకు సన్మానం చేద్దామని పాత శిష్యురాళ్ళు అనుకున్నారు. వాళ్ళలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒక పాత ఫొటో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. టీచరమ్మ స్టేజీ మీద ఆడుతున్న ఫొటో అదొక్కటే మిగిలిందట. రంగు వెలిసిపోయి, చేతులు కూడా మసకబారాయి. నడుము కిందంతా చెదలు తినేసింది. కంప్యూటరుతో దాన్ని కొత్త బొమ్మగా చేయించి నిలువెత్తున కట్టిద్దామని వాళ్ళ ఆలోచన. బట్టల రంగు, కాళ్ళు ఎట్లా ఉండేవో చెప్పడానికి నేను రావాలంది.

బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు చేసే దుకాణం. నడిపేది ఒక ఆడమనిషి, మా కోడలి ఈడు ఉంటుంది. ఫొటోను మిషన్‌లోకి ఎక్కించి, కింద మాటలు రాసింది. మాటలు రాస్తే బొమ్మ వస్తుందట. దాన్ని ప్రాంప్ట్ అంటారట. సూది లేదు, దారం లేదు, మాటలతో బట్ట ఎట్లా వస్తుందో నాకు ఎక్కలేదు.

మొదట వచ్చిన బొమ్మలో ముఖం టీచరమ్మదే. కానీ రెండు చేతులూ జోడించి దండం పెడుతోంది. కింద పెళ్ళికూతురి లంగా. నేను కాదన్నాను. బ్యాంకు అమ్మాయి కటకాముఖం అని చేతి ముద్ర పేరు చెబితే దుకాణమామె రాసింది. ఈసారి చేతికి ఆరు వేళ్ళొచ్చాయి.

“పేరు రాస్తే దానికి సమజైతలేదు పెద్దమ్మా. వేలు వేలు చెప్పు, గట్లనే రాస్త” అంది.

చెప్పాను. కుడి చెయ్యి ఛాతీ ముందు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ కొసలు కలవాలి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టుకున్నట్టు. మిగిలిన రెండూ లేచి ఉండాలి. ఎడమ చెయ్యి పక్కకు చాచి, ఐదు వేళ్ళూ విచ్చిన తామరపువ్వులా తిప్పాలి. ఈసారి సరిగ్గా వచ్చింది. అయితే పాపిడికి అటూ ఇటూ పెట్టే సూర్యుడూ చంద్రుడూ తారుమారయ్యాయి. సూర్యుడు ఆమె కుడివైపు ఉండాలి అన్నాను. అది మారిస్తే ముఖం మారిపోయింది. ఒకటి కుడితే ఇంకొకటి ఊడినట్టుంది. అప్పుడామె మొత్తం మళ్ళీ చేయకుండా, ఏది మార్చాలో దాని మీదే రంగు పూసి, అంతవరకే మార్చమని మిషన్‌కు చెప్పింది. చిలకపచ్చ పట్టు, మెరూన్ అంచు, వడ్డాణం కింద కుచ్చిళ్ళు, కాళ్ళకు నాలుగు వరసల గజ్జెలు, అన్నీ ఒక్కొక్కటే వచ్చాయి.

చివరికి కాళ్ళు వచ్చాయి. టీచరమ్మ పూర్తి అరమండిలో కూర్చుంది. మోకాళ్ళు గోడకు ఆనినట్టు రెండు పక్కలా విచ్చుకుని, నడుము నిటారుగా, కుచ్చిళ్ళు నిండా విచ్చుకుని. బ్యాంకు అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా మా టీచరమ్మే అంది.

ఆమె ఎన్నడూ చేయలేనిది మిషన్ ఒక్క నిమిషంలో చేసేసింది. ఊరుకుంటే ఆమె గౌరవం పెరుగుతుంది. కానీ ఆమె వచ్చి చూస్తుంది కదా. తన బొమ్మ ముందు నిలబడి, ఇది నేను కాదు అని ఆమెకొక్కదానికే తెలుస్తుంది. ఏది సాయం, ఏది ద్రోహం?

“జర పైకి లేపు బిడ్డా” అన్నాను.

“ఎందుకు? అరమండి అంటే గిదే కద.”

గంత కూర్చుంటే ఆ కుచ్చిళ్ళు చిరుగుతాయి, నేను కుట్టినదాన్ని నాకు తెలుసు అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. దుకాణమామె మోకాళ్ళు కొంచెం వంచమని రాసింది. బొమ్మ నిటారుగా లేచి నిలబడింది. ఇంకొంచెం అని రాస్తే మళ్ళీ పూర్తిగా కూర్చుంది. సగంలో సగం అనే మాట దానికి తెలియదు.

“మాటలతోని అయితలేదు. గట్ల ఎవరన్న నిలబడితే ఫొటో తీసి దానికి చూపిస్త. కాళ్ళ తీరు ఒక్కటే తీస్కోమంట” అంది దుకాణమామె.

బ్యాంకు అమ్మాయి లేచింది. ఆమె బాగా నేర్చుకున్న మనిషి, నేరుగా కిందికి వెళ్ళిపోతుంది. నేనే చెప్పులు విడిచాను. ఫ్లెక్సీ చుట్టల మధ్య నిలబడి, చీర కొంచెం పైకి దోపి, మోకాళ్ళు వంచాను. నాకూ మోకాళ్ళ నొప్పులే. ఎక్కడ నొప్పి మొదలైందో అక్కడ ఆగాను. సరిగ్గా టీచరమ్మ ఆగే ఎత్తు. ఎన్నేళ్ళు సుద్దతో గీశానో ఆ ఎత్తు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుతో.

ఈసారి కాళ్ళు నిలిచాయి. మునివేళ్ళు బయటికి తిరిగి, మోకాళ్ళు సగంలో సగం వంగి ఉన్నాయి. బ్యాంకు అమ్మాయి ముఖం చిన్నబోయింది. ముందుదే బాగుంది అంది. బట్టలు కుట్టినామెకే తెలుసు లెండ్రి అని దుకాణమామె నా పక్షాన మాట్లాడింది. చివరికి నా మాటే నిలిచింది. అంతమందికి గురువైన మనిషి బొమ్మ గురించి నా మాట నిలవడమేంటో!

సన్మానం రోజు టీచరమ్మను పట్టుకుని నడిపించుకొచ్చారు. బొమ్మ ముందు ఆగింది. ముఖం చూడలేదు, చేతులు చూడలేదు. నేరుగా కాళ్ళు చూసింది. శిష్యురాళ్ళంతా ఫొటోలు తీసుకుంటున్నారు. నేను వెనక్కి జరగబోయాను. చెయ్యి పట్టుకుంది.

“కాళ్ళు నువ్వే చెప్పినవా?” అని మెల్లగా అడిగింది.

“చెప్పుడు గాదమ్మ. నేనే నిలబడ్డ. గవి నా కాళ్ళే.”

మళ్ళీ బొమ్మ కాళ్ళ వైపు తిరిగింది.

“ఇంకింత కిందికి కూసోపెట్టేది ఉండెనే. పోయేముందన్న ఒకపారి చూసుకునేదాన్ని.”

నవ్విందో కోప్పడిందో నాకు అందలేదు. చెయ్యి మాత్రం విడవలేదు. సన్మానం అయ్యేదాకా నన్ను పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకుంది. శాలువా కప్పించుకోవడానికి లేవాల్సి వచ్చినప్పుడు, నా భుజం మీద బరువు వేసి, కుడి మోకాలు కొంచెమే వంచి లేచింది.