పరగడుపున డబ్బా పొడి

1955 జూలై ఆఖరున మా పెద్దమ్మాయికి రెండేళ్లు నిండాయి. అప్పటికి దాని బరువు పందొమ్మిది పౌన్లు. నంద్యాల ఆసుపత్రిలో నర్సమ్మ కాటా మీద కూర్చోబెట్టి చూసి, చీటీ మీద రాసిచ్చింది. తట్టు పోసి లేచినప్పటి నుంచి బిడ్డ తిండికి మొండికేసింది. పప్పన్నం ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని అరగంట తిరిగి, అదే ముద్దను వాకిట్లో ఉమ్మేసేది. ఉడికించిన గుడ్డయితే నోటి దాకా కూడా రానిచ్చేది కాదు.

"రెండు నెలల్లో పౌనున్నర పెరగాలమ్మా. పెరగకపోతే ఈడ పడక మీద పెట్టుకుని చూడాల్సొస్తాది" అంది నర్సమ్మ.

ఆ మాటకు భయమేసి ఆసుపత్రి నుంచి నేరుగా బజారుకు పోయాను. మందుల అంగట్లో అద్దాల బీరువాలో పిల్లల డబ్బాలు వరసగా ఉన్నాయి: పాలపొడి, బార్లీ పొడి, పాలల్లో కలిపే గోధుమరంగు పొడి. ఆ చివరి దాని మీద బూరెబుగ్గల పిల్ల బొమ్మ ఉంది. మా అమ్మాయి వేలు దాని మీదే నిలిచింది.

"రోజుకు మూడు తూర్లు, మూడేసి చెంచాలమ్మా. బలానికి ఇదే" అన్నాడు అంగడాయన.

"అన్నానికి ముందా, తర్వాతా?"

"అది డబ్బా మీద ఇంగ్లీషులో రాసుంటాది. మీ ఇంట్లో చదువుకున్నోళ్లుంటే సూపించుకోండి."

మా ఇంట్లో నేనే ఎక్కువ చదివాను. ఎనిమిదో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను కానీ అర్థం తెలియదు. ఒక్కొక్కటి పౌను చొప్పున రెండు డబ్బాలు కొని మా ఊరికి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మందుల బీరువాలోంచి వచ్చిన వస్తువు కనుక మందే అనుకున్నాను. మా ఇళ్లల్లో మందంటే పరగడుపున వేయాలి. అందుకని పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి, వేడి పాలల్లో చక్కెరతో కలిపి పట్టాను.

బిడ్డ గ్లాసు నాకి మరీ తాగింది. నెలల తర్వాత అది ఇష్టంగా మింగుతుంటే చూసి నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

రోజుకు తొమ్మిది చెంచాల చొప్పున డబ్బా పది రోజులు వచ్చింది. రెండు డబ్బాలు ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులూ నేను ఇంకో పని కూడా చేశాను. బిడ్డ తినే ముద్దలు లెక్కపెట్టాను. పైకి కాదు, మనసులో. అయినా మా అత్తకు తెలిసిపోయింది.

"ఏం మే, పెదాలాడిస్తాండావు? బిడ్డ ముద్దలు లెక్కబెడ్తాండావా?"

"లేదత్తా, దేవుని పేరు తలుచుకుంటాండా."

"ఏ దేవుడప్పా ఆయన, ముద్దముద్దకూ నాలుగు, అయిదు అంటాడు? తల్లి దిష్టే ముందు తగిలేది. పాపిష్టి లెక్కలు."

అప్పటికి ఆ లెక్క నాకే బాగుండలేదు. డబ్బా రాకముందు మధ్యాహ్నం ఆరు ముద్దలు తినే పిల్ల నాలుగుకు దిగింది. రాత్రి మూడు. బలం పొడి తాగుతోంది కదా, ముద్దలు తగ్గితే ఏమని సర్దిచెప్పుకున్నాను.

ఆగస్టు మూడో వారంలో రెండో డబ్బా అడుగంటింది. ఆ వారమే వానలకు వాగు పొంగి అయిదు రోజులు నంద్యాలకు బస్సు నడవలేదు. మొదటి రోజు బిడ్డ ఖాళీ డబ్బా పట్టుకుని ఏడ్చింది. నేనూ దానితో పాటు ఏడిచినంత పనయింది. రెండో రోజు మధ్యాహ్నం అయిదు ముద్దలు తింది. మూడో రోజు ఏడు. అయిదో రోజు మా అత్త చేతిలోని జొన్నరొట్టె అంచు లాక్కుని తింది, ఆ పైన తొమ్మిది ముద్దలు.

అప్పుడు వెలిగింది నాకు. ఆకలి కాకముందే కడుపు నింపుతూ వచ్చింది నేనే. ఇరవై రోజులు బిడ్డకు ఆకలి తెలియనివ్వలేదు.

బస్సు నడవగానే ఖాళీ డబ్బా తీసుకుని నర్సమ్మ దగ్గరికి పోయాను. చేసిందంతా దాచకుండా చెప్పి, అంగట్లో చూసిన పాలపొడి, బార్లీ పొడి, బిస్కెట్ల సంగతి కూడా అడిగాను. ఆమె తిట్టలేదు. డబ్బా తిప్పి చదివింది.

"దీంట్లో ఉండేది గోధుమలు, మొలకెత్తిన బార్లీ, పాలు, చక్కెర. మందు కాదమ్మా, తిండే. మీ ఇంట్లో ఎనుముందా?"

"ఉందమ్మా. పూటకు రెండు సేర్లు."

"బలంలో సగం ఆ పాలదే. పాలపొడి ఇంక మీకెందుకు? పాలు దొరకనోళ్లకు అది. బార్లీ పొడి జ్వరమొచ్చినప్పుడు గంజికి పనికొస్తాది, ఒళ్లు పెంచేది కాదు. బిస్కెట్లు అన్నం తిన్నాక ఒకటో రెండో, అన్నం బదులు కాదు. పాలు కూడా అన్నం తిన్నాకనే."

"మరి ఈ పొడి?"

"కొనుక్కోవాలంటే కొనుక్కో, తప్పేం లేదు. రాగులు మొలకెత్తించి పొడి కొడితే ఇంట్లోనే అయితాది. శనక్కాయలు మాత్రం గింజలు గింజలుగా ఇయ్యొద్దు, గొంతుకు అడ్డం పడ్తాయి. దంచి కలుపు."

ఆ రోజు అంగడి ముందు ఆగాను కానీ ఏ డబ్బా కొనలేదు. ఇంటికొచ్చి చెబితే మా అత్త, "ఒక్క డబ్బా దుడ్లకు పాపకు రెండు నెలల రాగులొస్తాయి. నన్నడిగింటే నేను చెప్పనా?" అంది. రాగులు నానబెట్టి తడిగుడ్డలో మూట కట్టింది. మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి, విసిరాం. అందులో పుట్నాల పొడి, దంచిన శనక్కాయలు, బెల్లం.

జావ కాచి ఇస్తే బిడ్డ గిన్నె తోసేసింది. మళ్లీ కాచాను, మళ్లీ తోసింది. మూడోసారి మా అత్త ఆపింది.

"దానికి చేతికి అంటుకునే జిగురు గిట్టదు మే. చూస్తాండావు కదా, రొట్టె తింటాది, పుట్నాలు తింటాది. పొడిపొడిగా ఉండేదే దానికి రుచి."

ఇరవై రోజులు ముద్దలు లెక్కపెట్టిన నేను ఆ ముద్ద ఎలాంటిదో చూడలేదు. ఆమె లెక్కపెట్టలేదు కానీ చూసింది. పొడిలో కాస్త నెయ్యి వేసి, వేళ్లతో చిదిపితే విడిపోయేటంత మెత్తగా, ఉసిరికాయంత ఉండలు చుట్టి ఆ ఖాళీ డబ్బాలోనే పోసింది. బిడ్డ తానే మూత తీసి, తానే చెయ్యి పెట్టి, ఒకటి నాకు, ఒకటి అవ్వకు, ఒకటి తనకు పంచింది. తనది తింది. మాకిచ్చినవీ అడిగి తింది. అన్నం కూడా మెత్తగా పిసకడం మానేసి విడివిడిగా పళ్లెంలో పెడితే తానే ఏరుకుని తినడం మొదలుపెట్టింది.

సెప్టెంబరు చివరి బుధవారం ముగ్గురం నంద్యాలకు పోయాం. కాటా మీద కూర్చోబెడుతుంటే మా అత్త బయట అరుగు మీదే ఉండిపోయింది. కాటా ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది.

"ఇరవై పౌన్ల మీద కాలు" అంది నర్సమ్మ.

"పౌనుంకాలే పెరిగింది. ఇంకా కాలు తక్కువ కదమ్మా."

"కాటా కంటే నువ్వే గట్టిగా ఉండావే. పెరిగే దారిలో పడింది, పడక అక్కర్లేదు. ఇంటికి పిల్చకపో."

బయటికొచ్చి చెబితే మా అత్త బిడ్డ చెంపలు రెండు చేతులతో నిమిరింది. అంకె ఎంతని అడగలేదు. బజారులో బిడ్డ మళ్లీ అద్దాల బీరువా వైపు చెయ్యి చాపింది. ఈసారి నేనే ఆలోచించి ఒక చిన్న బిస్కెట్ పొట్లం కొన్నాను. తెచ్చిన రొట్టె తిన్నాకనే విప్పుదామన్నాను. బస్సు కదిలాక బిడ్డ రొట్టె తింది, రెండు బిస్కెట్లు తింది, మా అత్త ఒళ్లో నిద్రపోయింది. మిగిలిన ఆరింటినీ చెరి మూడు పంచుకున్నాం. సగం దారిలో శిరివెళ్ల వచ్చేలోపే అయిపోయాయి.