పడుగు అతుకు

మొన్న బార్ అసోసియేషన్ వాళ్ళు పాతవాళ్ళం కొందరిని కూర్చోబెట్టి చేనేత శాలువాలు కప్పారు. మా వయసు వాళ్ళకు ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా దొరికేది శాలువాయే కాబట్టి, ఇంటికి వచ్చాక మడత పెట్టి బీరువాలో పెట్టబోతూ, అలవాటు కొద్దీ దాన్ని తిరగేసి వెనకవైపు చూశాను. ఒక అంచు నుంచి మరో అంచు దాకా, వేలికి తగిలితే తప్ప కంటికి ఆనని సన్నని ముడుల వరస ఒకటి ఉంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయిన చోట కొత్త పడుగును పోగు పోగుకూ అతికితే అలాంటి వరస వస్తుంది. మామూలుగా ఆ భాగాన్ని నేతగాడు కత్తిరించి పక్కన పెడతాడు. ఇందులో ఎందుకో మిగిలిపోయింది. ఆ ముడుల మీద వేలు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎక్కడికో వెళ్ళిపోయాను. దీపం పెట్టే వేళ అయిందని మా ఆవిడ లేపితే గాని తిరిగి రాలేదు.

వెళ్ళింది మరెక్కడికో కాదు, నేను వకాలత్ మొదలుపెట్టిన తొలినాళ్ళ సిద్దిపేటకే. మా సీనియర్ గారి ఆఫీసు ఆయన ఇంటి ముందు గదిలో ఉండేది, వెనక గల్లీ అంతా మగ్గాలే. మధ్యాహ్నం పూట కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము రేణువులు తేలుతుంటే, లోపల మా టైపు మిషను, బయట మగ్గాలు, రెండూ ఒకే లయలో పడిపోయి, ఏ చప్పుడు ఎక్కడిదో తెలియని మగతలో నేను చార్జిషీట్లు చదివేవాణ్ణి. లా చదవక ముందు పాలిటెక్నిక్‌లో సర్వే నేర్చుకున్నవాణ్ణి కావడంతో, ప్రతి కేసునూ కొలిచి గీత గీసినట్టు చూడాలన్న పట్టుదల ఉండేది. మనుషుల మనసుకు గొలుసు పట్టి కొలవలేమని అప్పటికి తెలియదు.

ఇక్కడ ఒక మాట. గల్లీ, బంధుత్వాలు, మనుషుల ఆనవాళ్ళు కొన్ని మార్చి రాస్తున్నాను. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆ గల్లీలో ఒక నేతగాడు పెళ్ళి చీర ఒకటి మగ్గం మీద ఉండగా కుటుంబంతో తొగుట అనే ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి తలుపు గొళ్ళెం తీగతో ఎత్తి ఉంది. పడుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి ఉంది. పక్కింటి నేతగాడికీ ఇతనికీ గోడ తగాదా ఉన్నందున పోలీసులు ఆ పక్కింటాయన మీద కేసు పెట్టారు. చీకటి పడ్డాక గొళ్ళెం ఎత్తి ఇంట్లోకి దూరితే చట్టం దాన్ని రాత్రివేళ ఇల్లు భేదించడం అంటుంది. సొత్తు పాడుచేసిన నేరం దానికి తోడు. రుజువైతే జైలు ఖాయం. అతని మగ్గం ఆగితే ముసలి తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఆగిపోయే ఇల్లు అది. అతను మా దగ్గరికి వచ్చాడు, సీనియర్ గారు వకాలత్‌నామా వేసి, కేసు నడిపే పని నాకు అప్పగించారు.

ఒకనాడు ఆ మధ్యాహ్నపు మగతలోనే, నా ఎదుట కూర్చుని గోడ తగాదా సంగతి చెబుతూ చెబుతూ, అతను ఒక మాట అన్నాడు. నేరం ఒప్పుకున్న మాట కాదది. కానీ పోలీసు కాగితాల్లో ఎక్కడా లేని మాట. తెగిన ఆ పడుగు పక్కన నిలబడిన మనిషికి తప్ప తెలిసే వీలు లేని మాట. అన్న సంగతి అతనికి తెలియనే లేదు. నాకు మాత్రం బయటి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టనిపించింది.

అతను వెళ్ళాక సీనియర్ గారి దగ్గరికి పోయి, ఈ కేసు నేను చేయలేనని చెప్పాను. ఆయన నములుతున్న పాన్‌ను బుగ్గన పెట్టుకుని అడిగారు.

“ఒప్పుకున్నడా?”

“లేదు సార్. కానీ నాకు నమ్మకం కుదిరింది.”

“నీ నమ్మకం ఎవరికి గావాలె? జడ్జి కుర్చీ ఖాళీ ఉన్నదని ఎవలన్న జెప్పిన్రా నీకు?”

తర్వాత మెత్తగా విడమరచి చెప్పారు. ముద్దాయి దోషి అని మనకు అనిపించడం కేసు వదులుకోవడానికి కారణం కాదు. వకీలు తన సొంత అభిప్రాయాన్ని పక్కన పెట్టి వాదించాలనే మన వృత్తి నియమం చెబుతుంది, ఎందుకంటే తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదు. ఒకసారి తీసుకున్న కేసును సరైన కారణం లేకుండా, ముందుగా చెప్పకుండా మధ్యలో వదలకూడదు. అతను నమ్మి చెప్పిన మాట బయటికి పొక్కకూడదు. నిజంగా ఒప్పుకున్నా సరే, ప్రాసిక్యూషన్ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించవచ్చు. చేయకూడనిది ఒక్కటే: అబద్ధమని తెలిసిన దాన్ని మన చేతులతో తీసుకెళ్ళి కోర్టు ముందు పెట్టడం. “మనసుల పెట్టుకోని తక్కువ వాదించినవో, ఆని తీర్పు నువ్వే రాసినట్టు. ఎక్కువకు పోయినవో, ఇంకోని మీద రాసినట్టు,” అన్నారు.

ఆ ఎక్కువ ఏమిటో వారం తిరగకుండానే తెలిసింది. ముద్దాయి తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. అతనికి ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో చాయ్ హోటల్. పడుగు కోసిన ఆ సాయంత్రం బావ తన హోటల్లోనే ఉన్నాడని సాక్ష్యం చెబుతాడట. నిజంగా వచ్చాడా అని అడిగితే ఆ హోటలాయన దాపరికం లేకుండా, “రాలే సారూ. గని నేను జెప్త గద, ఇగ ఫికరెందుకు?” అన్నాడు, నాకేదో చాయ్ పోసి ఇచ్చినంత మర్యాదగా. ఇది అనుమానం కాదు, తెలియడం. అతన్ని బోనెక్కించనని చెప్పేశాను.

ముద్దాయి ముఖం గంటు పెట్టుకున్నాడు. రెండో దారి చూపాడు. చీర యజమానికి, అంటే పడుగు తెగిన ఆ నేతగాడికి, ఒక తమ్ముడు ఉన్నాడు, అన్నతో పంపకాల దగ్గర గొడవపడి మాటలు లేకుండా ఉన్నాడు. పడుగు కోసింది ఆ తమ్ముడేనని సాక్షులను అడగమన్నాడు.

“దేన్ని బట్టి?” అన్నాను.

“గల్లీల అందరనుకుంటున్రు.”

“అందరంటే?”

“అంటే… నేను, మా బామ్మర్ది.”

ఆ మాటకు సీనియర్ గారు లోపలి గదిలో దగ్గినట్టు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సహేతుకమైన ఆధారం లేకుండా మనిషి నడవడికి మసిపూసే ప్రశ్న అడగకూడదని చట్టమే అంటుంది. ఇక్కడ ఆధారం లేకపోవడమే కాదు, నా నమ్మకం దానికి పూర్తిగా అడ్డంగా ఉంది. అడగనన్నాను. అతను లేచి నిలబడ్డాడు. “మరి నువ్వెందుకు సారూ నాకు?” ఇష్టమైతే ఇంకో వకీలును పెట్టుకోవచ్చని, కాగితాలన్నీ ఇచ్చి అభ్యంతరం లేదని రాసిస్తానని, నాతోనే ఉంటే మాత్రం చట్టం ఇచ్చిన ప్రతి అవకాశాన్నీ అతని కోసం వాడతానని చెప్పాను. గడప దాకా వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. “కానియ్యి,” అన్నాడు.

కేసు మొత్తం ఒక ముసలవ్వ మీద నిలబడింది. పోలీసులు ముద్దాయి ఇంట్లో దొరికిందన్న కత్తెర ప్రతి మగ్గం దగ్గరా ఉండేదే కాబట్టి దానికి విలువ లేదు. ఎదురింటి అవ్వ మాత్రం ఆ మసక చీకట్లో ముద్దాయి బయటికి రావడం చూశానని కోర్టులో చెప్పింది. నా దృష్టిలో ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఆమెను ప్రశ్నించడానికి లేచాను.

“మొకం కనవడ్డదా అవ్వా?”

“ఈపు కనవడ్డది బిడ్డా. ఈపు జూసి గుర్తువట్టరాదా? మా ముసలాయనను కల్లు దుకాణంకెల్లి ఈపు జూసే తోల్కొస్తుంటి.”

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేట్ గారు కూడా కలం కింద పెట్టారు.

“ఫలానా మనిషని పోలీసులకు గప్పుడే చెప్పినవా?”

“చెప్పిన. రాసుకున్నరో లేదో నాకేమెర్క?”

రాసుకోలేదు. పోలీసుల ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలంలో ‘ఎవరో ఒక మనిషి పోయిండు’ అని మాత్రమే ఉంది. ఆ లోపాన్ని ఆమె ముందు పెట్టి, తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆమె పేరు చెప్పలేదని ఆయన నోటితోనే రాబట్టాను. అలా రాబట్టకపోతే ఆ లోపం కోర్టు లెక్కలోకి రాదు. చేయవలసిందంతా చేశాను, ఒక్క గింజ తక్కువ లేకుండా.

అప్పట్లో క్రాస్ ఎగ్జామినేషన్ ముగించేటప్పుడు ప్రతి వకీలూ సాక్షితో ‘నీవు అబద్ధమాడుతున్నావంటాను’ అనడం రివాజు. అందరూ దానికోసమే చూస్తున్నారు. గది వెనక గోడకు ఆనుకుని చీర యజమాని, అతనికి నాలుగడుగుల ఎడంగా మాటల్లేని ఆ తమ్ముడు, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను, “మొకం చూడలేదు గనక, ఆ మనిషి ఎవరో నిశ్చయంగా చెప్పలేవంటాను అవ్వా,” అన్నాను.

“నాకైతే నిశ్చయమే బిడ్డా,” అంది ఆమె, కోపం లేకుండా. అది కూడా రికార్డయింది. నేను కూర్చున్నాను.

వాదనలో నా క్లయింటు నిరపరాధి అని నేను ఎక్కడా అనలేదు. వకీలు తన నమ్మకాన్ని సాక్ష్యంలా చెప్పకూడదు. ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని మాత్రమే అన్నాను. అది నిజం. సంశయలాభం, అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద అతన్ని విడుదల చేశారు. బయట వేపచెట్టు నీడలో అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మగ్గం మీది పోగులకు కోసుకుపోయిన వేళ్ళు అవి, గరుకుగా ఉన్నాయి.

కొన్ని నెలలకు చీర యజమాని మా ఆఫీసుకు వచ్చాడు. తిడతాడనుకుని లేచి నిలబడ్డాను. అతను కుర్చీలో కూర్చోకుండా గడప దగ్గరే నిలబడి, ముద్దాయి కల్లు దుకాణంలో అందరి ముందూ ‘మా వకీలు నీ తమ్మున్ని ఇరికిస్తడు చూడు’ అనేవాడని, ఆ మాట విన్నప్పటి నుంచి తనకు నిద్ర లేదని చెప్పాడు. “ఆ దినం మీరేమడుగుతరో అని పానం అరచేతుల వెట్టుకోని నిలవడ్డం సారూ. అడగలే మీరు. బయిటికచ్చినంక మా తమ్ముడు నన్ను జూసి ఏడ్చిండు. కేసు తెగేదాంక గట్లనే వడి ఉన్న పడుగు ఇద్దరం గూసోని అతికినం.”

పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. “నిజం జెప్పున్రి సారూ. ఆడే కోసిండు గదా?”

నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. అతను “చెప్పరు, ఎర్కే,” అని తలూపి మెట్లు దిగాడు.

ఇప్పుడు అతను లేడు, ముద్దాయీ లేడు, అవ్వ ఎప్పుడో పోయింది. ఆనాడు ముద్దాయి నోరు జారిన ఆ మాట ఏమిటో మాత్రం ఇక్కడ కూడా రాయను. వకీలుతో పని ముగిసినా, వచ్చినవాడు చనిపోయినా, ఆ బాధ్యత ముగియదు. ఇవాళ మనిషి పట్టుబడిన సాయంత్రానికే ఫోన్లలో తీర్పులు తిరుగుతున్నాయి, ఫలానా కేసు ఎవరూ పట్టొద్దని వకీళ్ళే తీర్మానాలు చేస్తున్నారు. అందరికీ అంతా తెలిసిపోతోంది. ఆ గల్లీలో మొన్న నడిచాను. మగ్గాల చోట షట్టర్లు, వాటి ముందు బండ్లు. ఎంతసేపు నిలబడినా ఒక్క చప్పుడూ వినిపించలేదు. ఎవరైనా వెనక్కి తిరిగి ‘ఆడే కోసిండు గదా’ అని మళ్ళీ అడిగితే బాగుండుననిపించింది. చెప్పడానికి కాదు, కాగితాలు సర్దుకోవడానికి.