ఆడి నెల రాకముందే ఒక సంతకం

కువైట్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైందని ఉత్తరం వచ్చిన రోజు నేను ఎగిరిన ఎగురుకు బిందె దొర్లి, వంటిల్లంతా నీళ్ళమయం అయింది. ఆ నీళ్ళలోనే ఇంకో రెండు గంతులు వేశాను. పెళ్ళికాని ఆడపిల్ల అలా గంతులేయడం ఇంటావిడ కంటపడితే ఏమనుకునేదో గాని, అదృష్టవశాత్తూ ఆమె అప్పుడు సంతకు పోయి ఉంది.

అది ఎనభైల మొదట్లో మాట. నేను తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో నర్సును. రైలు గేటు దగ్గర ఒక ఇంటి వెనక పోర్షన్‌లో బాడుగకు ఉండేదాన్ని. ముందు భాగంలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయిన మనిషి, చక్కెర వ్యాధి ఉన్న మనిషి, నోరు బాగా ఉన్న మనిషి. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. పొద్దున్నే గాజు సిరంజి నీళ్ళలో మరగబెట్టి, తడి ఇసుక కుండలో దాచిన ఇన్సులిన్ సీసా తీసి, ఆమెకు సూది వేసి డ్యూటీకి పోవడం నాకు పళ్ళు తోముకోవడమంత మామూలు. అందుకు ఆమె నాకు ఒక గ్లాసు కాఫీ ఇచ్చేది. ఆ కాఫీలో చక్కెర తను వేసుకోలేనిదంతా నాకే వేసేది.

చిక్కంతా అగ్రిమెంటుతో వచ్చింది. పదకొండు నెలలకు రాసుకున్న పత్రం, సగమైనా గడవలేదు. గడువుకు ముందే పోతే, నా బదులు ఇంకొకరు చేరి వాళ్ళ అడ్వాన్సు కట్టిన తరవాతే నా అడ్వాన్సు నా చేతికి వస్తుందని అందులో స్పష్టంగా ఉంది. పెద్దమ్మ నా అడ్వాన్సుతో ఇంటికి పెంకులు మార్పించింది కాబట్టి ఆమె చేతిలోనూ ఏమీ లేదు. బొంబాయిలో ఏజెంటుకు కట్టాల్సింది ఆ డబ్బే. అది రాకపోతే కువైటూ లేదు, గంతులూ లేవు.

ఆమె సంత నుంచి రాగానే సంగతి చెప్పాను. ఆమె సంచి దించకుండానే అంది:

"ఆడి వస్తా ఉండాది గదా పాపా. ఆడిలో ఎవురన్నా ఇల్లు మారతారా?"

తమిళుల ఆడి నెలలో ఆ వైపు ఎవరూ కొత్త ఇంట్లో చేరరు, అక్కడి తెలుగువాళ్ళం మేమూ చేరము. ఆడి పుట్టడానికి వారం కూడా లేదు. నేను మాత్రం ఆ నెల మధ్యలో విమానం ఎక్కాలి.

"ఆడి రాకముందే ఒకర్ని పట్టుకొస్తా పెద్దమ్మా. పాలు కాంచి పొంగిస్తే ఇంట్లో చేరినట్టే గదా, సామాన్లు మెల్లగా తెచ్చుకుంటారు."

"యాడ పట్టుకొస్తావు, సంతలోనా?"

సంతలో కాదు, ఆసుపత్రిలోనే దొరికారు. మా వార్డుకు గౌన్లు కుట్టి ఇచ్చే ఒక అమ్మాయి పొన్నేరి నుంచి రోజూ రెండు రైళ్ళు మారి వచ్చేది. మొగుడికి ఆవడి ఫ్యాక్టరీలో పని. తిరువళ్ళూరులో ఇల్లు దొరికితే చాలు, దేవుడికి దండం పెట్టుకుంటామని ఎప్పుడూ అనేవాళ్ళు. పెళ్ళయిన జంట, గొడవల్లేని జంట. అడ్వాన్సు సిద్ధం. ఇంతకంటే మంచి బాడుగవాళ్ళను ఎవరైనా ఎక్కడినుంచి తెస్తారు? నా తెలివికి నేనే మురిసిపోతూ ఆ సాయంత్రమే వాళ్ళను తెచ్చి పెద్దమ్మ ముందు నిలబెట్టాను.

పెద్దమ్మ ఆ పిల్లను కింది నుంచి పైకి చూసింది. మిషను చప్పుడు చేస్తుందంది. మొగుడు తెల్లారకముందే రైలుకు పోతే తలుపు చప్పుడంది. చప్పుడు చేయని మిషను, చప్పుడు చేయని మొగుడు, చప్పుడు చేయని తలుపు అన్నిటికీ నేను హామీ ఇచ్చాను. ఇంకేమీ దొరక్క చివరికి,

"మా తమ్ముడు సరే అనల్ల" అంది.

తమ్ముడు తిరుత్తణిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా పత్రాలు రాసే ఆయన. మా అగ్రిమెంటు రాసిందీ ఆయనే. మరునాడు తిరుపతి ప్యాసింజరులో నలుగురం బయలుదేరాం. పెద్దమ్మ కిటికీ దగ్గర మూతి బిగించుకుని కూర్చుంది. నేను మాత్రం ఆ దారి పొడవునా వాగుతూనే ఉన్నాను. అరక్కోణంలో అందరికీ వేరుశనక్కాయలు కొన్నాను. మొగుడు మొహమాటపడి ఒక్కటొక్కటే ఒలిచి తింటుంటే, ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక దగ్గింది. కువైట్ వాసన అప్పుడే నా చీరకు అంటుకున్నట్టుంది నా వాలకం.

తమ్ముడు తాటాకు పందిరి కింద బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. అగ్రిమెంటు విప్పి, కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు.

"నీ పేరు కొట్టేసి వీళ్ళ పేరు రాసేదానికి ఇది రేషన్ కార్డు గాదమ్మా. పాతదాని వెనక 'ఇద్దరి సమ్మతితో రద్దు' అని రాసి నువ్వూ అక్కా సంతకాలు పెట్టల్ల. వీళ్ళకు కొత్త స్టాంపు కాయితం మీద కొత్తగా పదకొండు నెలలకు రాయల్ల. వీళ్ళ అడ్వాన్సు అక్క చేతికి, అక్క చేతినుంచి నీ చేతికి. అంతే."

"అంతే గదయ్యా! రాసేయండి!" అన్నాను బల్ల మీద వాలిపోయి.

"రాయను. అక్క ఒప్పుకోవల్ల గదా." ఆయన ఆమెవైపు తిరిగాడు. "ఏమక్కా, నిజం చెప్పు. ఆడి ఒకటేనా నీ బాధ?"

పెద్దమ్మ తల తిప్పుకుంది. ఆయన నాతో అన్నాడు:

"పెండ్లిగాని ఆడపిల్లకు ఇల్లు ఇయ్యనని మూడుసార్లు నిన్ను వెనక్కి పంపించింది గుర్తుండాదా? నర్సని తెలిసినాంక పిలిచి ఇచ్చింది. నువ్వు వచ్చేదానికి ముందు రోజూ పొద్దున ఆ సూది కోసరం ఆసుపత్రిలో వరసలో నిలబడేది. ఇప్పుడు నువ్వు పోతే ఎవురేస్తారు?"

చెయ్యి తిరిగిన పని కాబట్టి నాకు అది పనిలాగే తోచేది కాదు. తీరా చూస్తే ఆ ఇంట్లో నా చోటంతా దాని మీదే నిలబడి ఉంది. పాపం అనిపించింది, దానితోపాటు కోపమూ వచ్చింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే వేరుశనక్కాయల డబ్బులైనా మిగిలేవి.

అందరం కుట్టు పిల్లవైపు చూశాం. ఆ పిల్ల పాలిపోయింది.

"నేను రవికలకు సూది పెడతానక్కా. మనిషికి పెట్టలేను. రక్తం చూస్తే పడిపోతా."

మొగుడు ఆ సమయానికి రైల్లో ఉంటాడు.

"అయితే పెద్దమ్మే వేసుకుంటుంది" అన్నాను.

"నేనా!" పెద్దమ్మ అరిచిన అరుపుకు పక్క పందిరివాళ్ళు లేచి చూశారు. "నీకు కువైట్ పిచ్చి పట్టిందా ఏమి?"

"ఎంతమందికో నేర్పించినాను! మీకు కన్ను బాగుండాది, చెయ్యి వణకదు. నోరు వణకదు గాబట్టి మీరు భయపడరనుకున్నా."

ఆ చివరి మాట ఆమెకు బాగా తగిలింది. లేచి నిలబడి, తమ్ముణ్ణి, నన్ను, ఆ జంటను వరసగా చూసి ప్రకటించింది:

"సరే. కాయితాలు రాసి పెట్టుకో రేయ్. నా చేత్తో నేను సూది ఏసుకున్న దినం సంతకం పెడతా. ఆడి పుట్టేలోపల ఏసుకోలేకపోతే ఈ పాప యాడికీ పోదు!"

ఇక మా ఇంట్లో వంకాయలకు వచ్చిన కష్టం చెప్పలేను. నర్సింగు స్కూల్లో మాకు బత్తాయిల మీద నేర్పారు. పెద్దమ్మ బత్తాయికి డబ్బు దండగ అని వంకాయలు పెట్టించింది. కుట్టు పిల్ల సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేది. పెద్దమ్మ వంకాయను పొడిచిన ప్రతిసారీ ఆ పిల్ల "అమ్మా" అనేది. వంకాయ మాత్రం ఏమీ అనేది కాదు. పొడిచిన వంకాయలన్నీ రాత్రికి పులుసులో పడేవి. సిరంజిలో నీళ్ళే గదా అని నేనూ తిన్నాను. అలా పెద్దమ్మ వంకాయల పట్ల వీరనారి అయింది. కాని పొద్దున తన తొడ దగ్గరికి సూది రాగానే చెయ్యి అక్కడే ఆగేది.

"నువ్వే ఏసేయి పాపా."

నేను వేసేదాన్ని. రోజు ఒకటి తరిగేది.

ఆడికి ముందు రోజు. తమ్ముడు తిరుత్తణి నుంచి కాగితాలతో వచ్చేశాడు. కుట్టు పిల్ల, మొగుడు కొత్త గిన్నె, పాలు, పసుపు కొమ్ము పట్టుకుని వచ్చారు. మంచి గడియ దాటితే మళ్ళీ ఒక నెల ఆగాలి. నా సామానంతా పెట్టెల్లో కట్టేశాను, మిగిలింది ఒక్క కిరసనాయిలు స్టవ్వు. దానిమీద సిరంజి మరగాలి, పాలూ మరగాలి. పెద్దమ్మ ఇంకా సూదీ వేసుకోలేదు, టిఫినూ తినలేదు.

"సూది ముందర" అంది ఆమె గట్టిగా.

సిరంజి మరిగింది. ఇన్సులిన్ ఆమే లాగింది, గీత నేను చూశాను. సరిగ్గా ఉంది. స్టవ్వు మీదికి పాలెక్కాయి. తమ్ముడూ మొగుడూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని చీర కాస్త జరుపుకుని, సూది పట్టుకుని, అలాగే ఉండిపోయింది. ఆమె చేతిని నా చేత్తో పట్టుకుని నొక్కేద్దామా అనిపించింది. అలా చేస్తే అది నేను వేసిన సూదే అవుతుందని చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"పొంగుతా ఉండాయి! పొంగుతా ఉండాయి!" అని కుట్టు పిల్ల కేక పెట్టింది.

మొగుడు గోడ వదిలి పరిగెత్తాడు. తమ్ముడు పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. పాలు గిన్నె నాలుగు వైపులా పొంగి, స్టవ్వు బుస్సుమని ఆరిపోయింది. అందరం నవ్వుతూ చేతులు కాల్చుకుంటూ గిన్నె దించి వెనక్కి తిరిగాం.

పెద్దమ్మ ఖాళీ సిరంజి పట్టుకుని కూర్చుని ఉంది.

"అయిపాయ" అంది.

ఎవరికీ నమ్మకం కలగలేదు. తమ్ముడైతే పత్రాల మనిషి కదా, "సాక్షి ఎవురక్కా? ఎవురూ చూళ్ళేదే!" అన్నాడు.

"రేపు పొద్దున గూడా ఏసుకుంటా, తిరుత్తణి నుంచి వచ్చి చూసిపో! కాయితం ఇట్ల తే!"

నేను వంగి చూశాను. తొడ మీద చిన్న రక్తపు చుక్క, సరిగ్గా ఉండాల్సిన చోట. ఆమెను కావలించుకుని ఎత్తేశాను. ఆమె నన్ను తిట్టింది, నా మెడ మీదే చెయ్యి వేసి తిట్టింది. ఆ పొంగిన పాలలో మిగిలినవి అందరం తలా ఒక గుక్క తాగాం, పెద్దమ్మకు చక్కెర లేకుండా. సంతకాలు అయ్యాయి, నా అడ్వాన్సు నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆ పోర్షన్‌లో నేను కుట్టు పిల్లకు చుట్టాన్ని. విమానం రోజు దాకా ఆమె మిషను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

మరునాడు పొద్దున లేవగానే అలవాటుగా సిరంజి కోసం ముందు భాగానికి పోయాను. తలుపు వేసి ఉంది. తట్టాను.

"ఎవురు?"

"నేనే పెద్దమ్మా. సూది."

"ఏసుకున్నా. నువ్వు పో."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆ మాటే. అయినా ఆ తలుపు ముందు నిలబడి నేను ఏడ్చాను. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి బయటికొచ్చి నాకు కాఫీ గ్లాసు అందించింది. చక్కెర ఎప్పటిలాగే రెండింతలుంది.